ఆదివారం లగ్గం, 11:12 ముహూర్తం: టైమింగ్స్ మెసేజ్ డైరీ

సోమవారం రాత్రి

వచ్చే ఆదివారం హన్మకొండ హంటర్ రోడ్డులోని ఒక ఫంక్షన్ హాల్లో లగ్గం. పిల్ల వాళ్లది పరకాల దాటి లోపలికి పోతే వచ్చే పల్లె, పిలగాడి వాళ్లది హుజూరాబాద్ పక్కన. మమ్మల్ని పెట్టుకున్నది పిల్ల వాళ్లు, పిలగాడి వైపు వాళ్ల ఫోటోగ్రాఫర్ వేరే ఉన్నాడు. పిల్ల వాళ్ల బాపు ఫోన్ చేసి చెప్పింది ఒక్కటే, "తమ్మీ, ముహూర్తం పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు, మీరు తెల్లారేసరికి ఇంటికాడ ఉండాలె." మిగిలినదంతా మనం అడిగి తెలుసుకోవాల్సిందే. ఎవరు ఎక్కడ ఎన్ని గంటలకు ఉంటారో రాసి, రెండు ఇళ్ల వాళ్లతో సరే అనిపించుకునే వాట్సాప్ మెసేజ్ శుక్రవారంలోపు వెళ్లిపోవాలి, అప్పుడే మా వాళ్లను ఎవరిని ఎక్కడ పెట్టాలో తేలుతుంది. శ్రావణం కాబట్టి వాన కూడా లెక్కలో ఉండాల్సిందే.

సాయంత్రం పిల్ల తమ్ముడితో మాట్లాడి వాళ్ల ప్లాన్ రాసుకున్నాను. ఆదివారం పొద్దున 5 గంటలకు ఇంటి ముందు పందిట్లో పిల్లకు మైలపోలు స్నానం, ఆరున్నరకు బయలుదేరడం, 8కి హాలు, తొమ్మిదింబావుకు ఎదుర్కోళ్లు, 11:12కి ముహూర్తం. వింటుంటే ఏ ఇబ్బందీ లేదనిపిస్తుంది. కానీ ఇలాంటి ప్లాన్ పొద్దున నుంచి కిందికి చదవకూడదు, ముహూర్తం నుంచి పైకి చదవాలి.

నేను చేసిన లెక్క ఇది. 11:12 అంటే జీలకర్ర బెల్లం పెట్టే నిమిషం. దానికి ముందు కాళ్లు కడుగుడు, కన్యాదానం ఉంటాయి, అరగంటకు పైనే పడుతుంది, కాబట్టి పిల్ల 10:35కి మండపంలో ఉండాలి. అంతకు ముందు అరగంట గౌరీ పూజ, అంటే 10 గంటలకు పూజ దగ్గర కూర్చోవాలి. పూజకు ముందు పిల్ల ఒక్కతిని, తర్వాత అమ్మానాన్నలతో తీయడానికి అరగంట కావాలి, ఎందుకంటే ఒకసారి మండపం ఎక్కాక ముఖం మీద చెమట, నెత్తి మీద అక్షింతలు, చుట్టూ చుట్టాలు, ఇక సాయంత్రం దాకా ఆ ముఖం దొరకదు. అంటే తొమ్మిదిన్నరకు మేకప్ పూర్తి కావాలి. జడ, చీర, నగలు అన్నీ కలిపి బ్యూటీషియన్ రెండున్నర గంటలు అడిగింది. అంటే పిల్ల తలస్నానం చేసి, జుట్టు ఆరి, 7 గంటలకు హాల్లో గదిలో కుర్చీలో ఉండాలి.

వాళ్ల ప్లాన్‌లో పిల్ల హాలు చేరేదే 8కి. అన్నీ సాఫీగా జరిగినా గంట తక్కువ. ఆ గంట ఎక్కడ కోత పడుతుందో కూడా ముందే తెలుసు. పంతులుగారు ముహూర్తం జరపరు, బ్యూటీషియన్ మేకప్ మధ్యలో లేవనివ్వదు, చివరికి పోయేది గౌరీ పూజ ముందు మా అరగంటే. ఆల్బం వచ్చాక మాత్రం "పిల్ల ఒక్కతి ఉన్న ఫోటోలు గివేనా?" అని అడిగేది మమ్మల్నే.

మంగళవారం

పొద్దున పంతులుగారికి ఫోన్ చేశాను. చాలామంది ఫోటోగ్రాఫర్లు ఈ ఫోన్ చేయరు, కుటుంబాన్ని అడిగి ఊరుకుంటారు. కానీ ఇంట్లో వాళ్లకు ముహూర్తం తప్ప మధ్యలో ఏది ఎంతసేపో తెలియదు, వాళ్లు పెళ్లి చేసేది ఎప్పుడో ఒకసారి. పంతులుగారికి వారానికి ఎన్నో లగ్గాలు, నిమిషాలతో సహా చెప్తారు.

అడిగింది కొన్నే. జీలకర్ర బెల్లం పెట్టగానే తెర దించుతారా, కాసేపు ఆగుతారా? వెంటనే దించుతారట. అయితే ఒకరు పిలగాడి ముఖం వైపు, ఒకరు పిల్ల ముఖం వైపు ముందే నిలబడాలి, తెర దిగాక జరగడానికి టైం ఉండదు. జీలకర్ర బెల్లం నుంచి పుస్తె కట్టేదాకా ఎంతసేపు? ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. ఈ మధ్యలోనే పుస్తెల పళ్లెం పెద్దల చేతికి తిప్పుతారు. పుట్టింటి పుస్తె పిల్ల వాళ్ల దగ్గర, అత్తింటి పుస్తె పిలగాడి వాళ్ల సంచిలో ఉంటాయి కాబట్టి, రెండూ ఒక్కచోట కనిపించేది ఆ పళ్లెంలోనే. పొద్దున మేకప్ గదిలో పుస్తెల క్లోజప్ తీసేద్దామని అనుకుంటే కుదరదు, ఒక మనిషిని పళ్లెం వెంటే తిప్పాలి. ప్రధానం నిశ్చితార్థం రోజే అయిపోయిందట, అది నాకు పెద్ద ఊరట. లేకపోతే పిలగాడి వాళ్లు తెచ్చిన చీర కట్టుకోవడానికి పిల్ల మళ్లీ గదిలోకి పోయేది, ఇంకో అరగంట గోవిందా.

నాగవల్లి కూడా అదే రోజు హాల్లోనే, భోజనాల తర్వాత, ముప్పావు గంట.

చివర్లో మైలపోలు మాట ఎత్తాను. "ముందు రోజు సాయంత్రం ఇంటి దగ్గర చేసుకుంటే తప్పా పంతులుగారూ?" అంటే, తప్పేం లేదు, చాలా ఇళ్లలో ముందు రోజే చేస్తారు, ఆదివారం పొద్దున హాల్లో ఇంకోసారి మంగళస్నానం చేయిస్తే సరిపోతుంది, కానీ ఆ మాట నువ్వు చెప్పకు, నేను చెప్తాను అన్నారు. నాకూ అదే కావాలి. ఆచారం మార్చమని ఫోటోగ్రాఫర్ చెప్పాడని ఇంట్లో పేరు పడితే, ఆ తర్వాత ఏ చిన్న ఆలస్యమైనా అది మన ఖాతాలోకే వస్తుంది.

బుధవారం

ఈ రోజు రోడ్డు చూసి వచ్చాను. పల్లె నుంచి పరకాల, అక్కడి నుంచి గుడెప్పాడ్ క్రాస్ రోడ్డు, ములుగు రోడ్డు ఎక్కి హన్మకొండ. ఫోన్‌లో మ్యాప్ గంటా పది నిమిషాలు చూపిస్తుంది, అది తప్పేం కాదు, బండి ఒక్కటే అయితే అంతే పడుతుంది. కానీ పెళ్లింటి ప్రయాణం బండి కదిలినప్పుడు మొదలుకాదు. లైట్లు, స్టాండ్లు, బ్యాగులు సర్దుకోవడానికి పావుగంట. పిల్ల కారు ఎక్కేముందు కొబ్బరికాయ, ఎవరో ఒకరు మర్చిపోయిన నగల పెట్టె, ఇంకో పావుగంట. హాలు దగ్గర దిగి, గది తాళం దొరికి, కెమెరా బయటికి తీసి మొదటి ఫోటో తీసేసరికి ఇరవై నిమిషాలు. మొత్తం రెండు గంటలు. అందుకే నేను మెసేజ్‌లో "ప్రయాణం గంటా పది" అని ఎప్పుడూ రాయను, "ఇంట్లో చివరి ఫోటో నుంచి హాల్లో మొదటి ఫోటో దాకా రెండు గంటలు" అని రాస్తాను. మొదటిది రాస్తే ఇంకో అరగంట ఇంటి దగ్గర ఉండొచ్చు కదా అంటారు.

రోడ్డు మీద నాకు నచ్చనిది ఒకటే. పల్లె నుంచి పరకాల వైపు వచ్చేటప్పుడు ఒక వాగు దాటాలి, దాని మీద ఉన్నది లోలెవల్ కల్వర్టు. ఇప్పుడు పాదం మునిగేంత నీళ్లు కూడా లేవు. పక్కన టీకొట్టు ఆయనను అడిగితే, "పైన గట్టిగ కొట్టిందంటే రెండు మూడు గంటల్ల మీదికెక్కుతది, అటోళ్లు అటే ఇటోళ్లు ఇటే" అన్నాడు. గమనించాల్సింది పైన అన్న మాట. మన దగ్గర చినుకు పడకపోయినా ఎగువ ఊళ్లలో పడితే వాగు వస్తుంది, కాబట్టి మన ఆకాశం చూసి నిర్ణయం తీసుకోవడానికి లేదు. కమలాపూర్ మీదుగా చుట్టు తిరిగి కరీంనగర్ రోడ్డు పట్టుకుని హసన్‌పర్తి వైపు నుంచి దిగే దారి ఉంది గానీ, ఆ దారికి వెళ్లాలన్నా ముందు ఈ వాగు దాటాల్సిందే. పైగా కరీంనగర్ రోడ్డు మీద వెడల్పు పనులు. పిలగాడి వాళ్ల బస్సు వచ్చేది ఆ రోడ్డు మీదే, అది ఇంకో లెక్క.

దీంతో ఆదివారం పొద్దున మైలపోలు అనేది నా వరకు పూర్తిగా పక్కకు పోయింది. మేకప్ టైం ఎలాగో సర్దుకున్నా, పెళ్లిపిల్ల వాగుకు అవతలి ఒడ్డున ఉండిపోతే చేయగలిగేది ఏమీ ఉండదు.

గురువారం రాత్రి

వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చున్నాను. పంతులుగారు అప్పటికే ఫోన్ చేసి చెప్పారు, బాపు ఒప్పుకున్నారు, ఒప్పుకోనిది బాపమ్మ. "ఇంటి పందిట్ల నీళ్లు పోసుకోకుంట పిల్ల లగ్గానికి పోతదా?" అని ఆమె బాధ. నీళ్లు పందిట్లోనే పోస్తాం, ఒక పూట ముందు పోస్తాం, అంతే తేడా అని మేనమామ సర్దిచెప్పాడు. ఆమె పెట్టిన షరతు ఒకటే, ఐరేని కుండలు కుమ్మరి ఇంటి నుంచి డప్పులతో తేవడం, పందిట్లో మైలపోలు, రెండూ వెలుగు ఉండగానే అయిపోవాలి. అది నాకు వరం. ఈ నెలలో మన దగ్గర పొద్దు గుంకేది ఆరున్నర దాటాక, నాలుగున్నరకు కుండలు బయలుదేరితే, ఐదుంబావుకు మైలపోలు మొదలుపెడితే పందిట్లో పచ్చటి ఆకుల మీద నుంచి పడే వెలుతురు దొరుకుతుంది. పొద్దున 5 గంటలకైతే ట్యూబ్‌లైట్ వెలుగులో పసుపు రంగే సరిగా రాదు. ఈ మాట మాత్రం నేను బాపమ్మ ముందు అనలేదు.

రాత్రి ఏడున్నరకు ఇంట్లో అన్నం తిని, 8కి పిల్లతో పాటు దగ్గరి వాళ్లు రెండు కార్లలో హన్మకొండ వచ్చేసి హాలు గదుల్లోనే పడుకుంటారు. మిగతా చుట్టాల బస్సు పొద్దున వస్తుంది, అది ఆలస్యమైనా మాకు ఆగేది ఏమీ లేదు.

తర్వాత సాయంత్రం సంగతి. పిల్లకు, ఆమె దోస్తులకు వెయ్యి స్తంభాల గుడి దగ్గర జంట ఫోటోలు కావాలని ఆశ. హాలు నుంచి దగ్గరే, కానీ నేను వద్దన్నాను. అది కేంద్ర పురావస్తు శాఖ చూసే గుడి, ట్రైపాడ్లు, లైట్లు పెట్టి తీయాలంటే ముందే అనుమతి కావాలి, డ్రోన్ మాట ఎత్తనే కూడదు, శ్రావణంలో భక్తుల రద్దీ వేరే. అన్నిటికంటే పెద్ద అడ్డం రాహుకాలం. ఆదివారం రాహుకాలం సాయంత్రం 4:30 నుంచి 6 దాకా. ఆ గంటన్నరలో పిల్లను అత్తారింటికి సాగనంపరు. అంటే అప్పగింతలు అయి కారు 4:30 లోపు కదలాలి, లేదా 6 దాటేదాకా అందరూ హాల్లో కూర్చోవాలి. ఆరు దాటితే ఎలా ఉంటుందో నేను చూశాను. హాలు వాళ్లు కుర్చీలు సర్దేస్తుంటారు, హుజూరాబాద్‌లో బరాత్‌కు బ్యాండు వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు, అప్పగింతల ఏడుపు మీద ఫ్లాష్ కొట్టాల్సి వస్తుంది. గుడికి పోయి రావడానికి గంటన్నర తీసేస్తే ఖాయంగా అక్కడికే చేరతాం. గుడి ఫోటోలు పదహారు రోజుల పండుగ అయ్యాక ఒక పొద్దున వేరుగా తీద్దాం, దానికి అనుమతి సంగతి నేను చూస్తాను అన్నాను. లగ్గం రోజు మాత్రం నాగవల్లి అయ్యాక పై అంతస్తు వరండాలో ఇరవై నిమిషాలు. పిల్ల ముఖం మాడ్చింది గానీ, పిల్ల వాళ్ల అమ్మ వెంటనే "గదే మంచిది" అంది.

ఇంకొకటి తేల్చుకోవాల్సి ఉండింది. ఆ రోజు మేము ఏదైనా అడగాలంటే ఎవరికి ఫోన్ చేయాలి? బాపు పేరు చెప్పారు. ఆయన కన్యాదానం పీటల మీద ఉంటారు. తమ్ముడికి బావమరిది హోదాలో వంద పనులు. మేనమామ పిల్లను మండపానికి తీసుకురావాలి. పెద్దల్లుడు ఖాళీగానే ఉంటాడు గానీ, అల్లుడికి పని చెప్తే ఎక్కడ అలుగుతాడో అని ఇంటిల్లిపాదికీ భయం. చివరికి పిల్ల వాళ్ల చిన్నమ్మ కొడుకు, ఇంజనీరింగ్ చదివే పిలగాడు, వాడిని పెట్టుకున్నాం. పెళ్లి తంతులో ఏ పాత్రా లేనివాడు, ఫోన్ ఎప్పుడూ చేతిలో ఉండేవాడు, చుట్టాలందరి ముఖాలూ తెలిసినవాడు. ఈ మూడూ ఉన్నవాడు దొరికితే సగం టెన్షన్ పోతుంది.

శుక్రవారం మధ్యాహ్నం

బ్యాకప్ ప్లాన్ ఎలా రాయాలా అని పొద్దుటి నుంచి కూర్చున్నాను. "మా దగ్గర ఎక్స్‌ట్రా కెమెరాలు ఉన్నాయి, కంగారు పడకండి" అని రాస్తే వాళ్లకు సంతోషమే గానీ, ఆ రోజు అది ఎవరికీ పనికిరాదు. కెమెరా పాడైతే ఇంకోటి తీయడం మా పని, దానికి వాళ్లను అడగాల్సింది లేదు. వాళ్లు ముందే ఒప్పుకోవాల్సింది వేరే, ఏది ఆలస్యమైతే దేన్ని వదిలేస్తాం అనేది. అది ముందే రాసి పంపితే, ఆ రోజు గేటు దగ్గర నిలబడి వాదన ఉండదు. అందుకే ప్రతి ఆలస్యానికీ ఒక గడియారం టైం, ఒక నిర్ణయం పెట్టాను.

ఎక్కువ అనుమానం పిలగాడి వాళ్ల బస్సు మీద. వాళ్లతో వచ్చే ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడుకున్నాను, హసన్‌పర్తి దాటగానే నాకు ఫోన్ చేస్తాడు. అక్కడి నుంచి హాలుకు అరగంట. 8:45 లోపు ఫోన్ వస్తే ఎదుర్కోళ్లు పూర్తిగా, రాకపోతే కురచగా. ఏది ఏమైనా పిల్ల గదిలో పని ఆగకుండా మా వాళ్లను రెండుగా విడగొట్టాను, ఇద్దరు గేటు దగ్గర, ఇద్దరు పిల్ల దగ్గర. మండపం దగ్గర ఎవరి చోటు ఏదో కూడా ఆయనతోనే మాట్లాడుకున్నాను, పిలగాడి వెనుక వైపు వాళ్లు, పిల్ల వెనుక వైపు మేము, ఎదురుగా మధ్యలో వీడియో ఒక్కటే.

మెసేజ్ పొడుగైతే ఎవరూ చదవరు. అందుకే నాలుగు ముక్కలుగా విడదీసి, ఇంట్లో వాళ్లు చేయాల్సినవి మాత్రమే ఉంచాను, మా లెన్సులు, లైట్ల గొడవ అందులో లేదు. పిల్ల వాళ్ల బాపును నేను కాకా అని పిలుస్తాను, ఆయనకు పంపింది ఇది:

"నమస్తే కాకా. లగ్గం టైమింగ్స్ రాస్తున్నాను. ఇవి చూసి సరే అంటే మా వాళ్లకు ఇదే చెప్తాను.

శనివారం, ఇంటి దగ్గర: మా వాళ్లు ఇద్దరు సాయంత్రం 4 గంటలకు వస్తారు. 4:30కి ఐరేని కుండలకు కుమ్మరి ఇంటికి బయలుదేరాలి. 5:15కి పందిట్లో మైలపోలు మొదలు, 6:15కి పూర్తి. రాత్రి 8కి పిల్ల కారు కదలాలి. ఇంట్లో చివరి ఫోటో నుంచి హాల్లో సామాను దించేదాకా రెండు గంటలు పడుతుంది, అందుకే ఎనిమిది దాటొద్దు.

ఆదివారం పొద్దున, హాల్లో: 6 గంటలకు మంగళస్నానం. 7కి పిల్ల మేకప్‌కు కూర్చోవాలి. 7:30కి నగలు, పట్టుచీర, పుట్టింటి పుస్తె మా వాళ్ల ముందు పెట్టాలి, తాళం చెవి ఎవరి దగ్గర ఉందో రాత్రే చూసుకోండి. 9:15కి గేటు దగ్గర ఎదుర్కోళ్లు. 9:30కి పిల్ల పూర్తిగా తయారై బయటికి రావాలి, అరగంట పిల్ల ఫోటోలు, మీ ఇద్దరితో ఫోటోలు. మీరిద్దరూ అప్పటికి తయారై ఉండాలి. 10కి గౌరీ పూజ. 10:35కి పిల్ల మండపంలో. 11:12కి జీలకర్ర బెల్లం. పుస్తె కట్టేది 11:35 ప్రాంతంలో, తర్వాత తలంబ్రాలు.

మధ్యాహ్నం: 12:30 నుంచి 2 దాకా స్టేజీ మీద కట్నాలు, గ్రూపు ఫోటోలు. 2కి పిల్లా పిలగాడు భోజనం, వాళ్లను అప్పుడు ఎవరూ లేపొద్దు. 2:40కి నాగవల్లి. 3:30కి పై వరండాలో జంట ఫోటోలు, ఇరవై నిమిషాలు. 3:55కి అప్పగింతలు. 4:25కి కారు కదలాలి, 4:30 నుంచి రాహుకాలం.

అనుకోనిది జరిగితే: శనివారం మధ్యాహ్నం 12 గంటలకు వాగు ఫోటో పంపించండి. నీళ్లు కల్వర్టు అంచుకు వచ్చి ఉంటే మైలపోలు 3 గంటలకే మొదలుపెట్టి సాయంత్రం 5 లోపు అందరం బయటపడదాం. ఆదివారం 8:45 లోపు పిలగాడి వాళ్లు హసన్‌పర్తి దాటకపోతే ఎదుర్కోళ్లు పదిహేను నిమిషాలకు తగ్గిస్తాం, బ్యాండు డ్యాన్సు, డ్రోన్ ఉండవు. వాన పడితే ఎదుర్కోళ్లు పోర్టికో కింద, డ్రోన్ ఎగరదు. నాగవల్లి 3:30 దాటితే జంట ఫోటోలు వదిలేస్తాం, అప్పగింతలు వదలం. కరెంటు పోతే జనరేటర్ వచ్చేదాకా మా బ్యాటరీ లైట్లతో తీస్తాం, ముహూర్తం ఆపాల్సిన పని లేదు. మాకు ఏదైనా కావాలంటే పిల్ల చిన్నమ్మ కొడుకును అడుగుతాం, ఆయన చెప్పింది మీరు చెప్పినట్టే."

కాకకు పొడుగు మెసేజ్ చదివే ఓపిక లేదని తెలుసు, అందుకే ఇదే సంగతి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా కూడా పంపాను. పిలగాడి వాళ్ల అన్నకు ఆదివారం ముక్క, వాన, బస్సు ముక్కలు మాత్రమే పంపాను. శనివారం మైలపోలు సంగతి వాళ్లకు పంపితే అనవసరంగా ఇంకో చర్చ మొదలవుతుంది.

శుక్రవారం రాత్రి

కాక వాయిస్‌లోనే జవాబిచ్చాడు, అంతా సరే, 2 గంటలకు భోజనం అంటే వియ్యాలవారు ముందు కూర్చోవద్దా అని ఒక్క ప్రశ్న. వియ్యాలవారి బంతి 1 గంటకే మొదలవుతుంది, పిల్లా పిలగాడిది మాత్రమే 2కి అని చెప్పాను. పిలగాడి అన్న మాత్రం ఎదుర్కోళ్లు పదిహేను నిమిషాలు అన్న చోట ఆగాడు, "మా దోస్తులు గంట ఆడుతరన్నా" అన్నాడు. ఆడండి, 8:30కే వచ్చి ఆడండి, 9:45కి మాత్రం పిలగాడు లోపలికి రావాలి అన్నాను. కాసేపటికి బస్సు టైం ముప్పావుగంట ముందుకు జరిపామని మెసేజ్ పెట్టాడు.

హాలు మేనేజర్‌తో జనరేటర్ సంగతి మాట్లాడాను. కరెంటు పోయాక అది అందుకునేలోపు కొన్ని క్షణాలు మండపం చీకటి అవుతుంది, అది సరిగ్గా 11:12కి జరిగితే చాలు మన పని అయిపోయినట్టే. అందుకని 11 నుంచి పుస్తె కట్టేదాకా రెండు బ్యాటరీ ఎల్ఈడీలు వెలిగే ఉండాలని మా వాడికి చెప్పాను.

శనివారం మధ్యాహ్నం

12:10కి చిన్నమ్మ కొడుకు వాగు ఫోటో పంపాడు. రాత్రి ఎగువన పడ్డట్టుంది, నీళ్లు ఎర్రగా మారాయి, కల్వర్టుకు మూరెడు కింద ఉన్నాయి. అంచుకు రాలేదు కాబట్టి మెసేజ్ ప్రకారం అయితే ఏం మార్చక్కర్లేదు. కానీ బుధవారం నేను చూసినప్పటికీ ఇప్పటికీ పెరిగింది చాలా. రంగు మారిందంటే కొత్త నీళ్లు వస్తున్నట్టే. గంట ఆగి అదే చోట నుంచి ఇంకో ఫోటో తీయమన్నాను. జానెడు పెరిగింది. ఫోన్ చేసి 3 గంటలకు మొదలుపెడదాం అన్నాను, కాక మారు మాట అనలేదు, ముందే రాసి ఉంది కదా. కుమ్మరికి, డప్పుల వాళ్లకు వాళ్లే కబురు పెట్టారు. మా ఇద్దరూ రెండున్నరకే చేరారు.

రాత్రి

మైలపోలు నాలుగున్నరకు అయిపోయింది, వెలుతురు నేను అనుకున్నంత మెత్తగా లేదు, మబ్బు పట్టి చదునుగా ఉంది, పసుపు రంగు మాత్రం బాగా వచ్చింది. 5:20కి కార్లు వాగు దాటాయి, అప్పటికి నీళ్లు కల్వర్టును తాకుతున్నాయట. బాపమ్మ ముందు కారులో కూర్చుని వచ్చింది. చుట్టాల బస్సు రేపు రాగలదో లేదో తెలియదు, కాక అది ఇంకో ఊరి మీదుగా తిప్పే ఏర్పాటులో ఉన్నాడు. ఈ రోజు తీసిన కార్డులు రెండు హార్డ్ డ్రైవ్‌లలో కాపీ చేసి, ఒకటి నా దగ్గర, ఒకటి వీడియో అబ్బాయి బండిలో పెట్టించాను.

ఆదివారం రాత్రి

7 గంటలకు పిల్ల కుర్చీలో ఉంది. నగల తాళం చెవి మాత్రం 7:30కి దొరకలేదు, చిన్నమ్మ స్నానానికి పోయింది, 7:50కి దొరికింది. హసన్‌పర్తి ఫోన్ 8:40కి వచ్చింది. చినుకులు పడ్డాయి, డ్రోన్ ఎగరలేదు, పిలగాడి దోస్తులు పోర్టికో కిందే ఆడారు. పిలగాడు లోపలికి వచ్చేసరికి 10 అయింది, పావుగంట ఆలస్యం. పిల్ల దగ్గర ఉన్న ఇద్దరికీ ఆ సంగతి తెలియనే లేదు, వాళ్ల అరగంట వాళ్లకు దొరికింది. 11:12కి తెర దిగినప్పుడు కరెంటు ఉంది.

నాగవల్లి 3:35కి ముగిసింది. ఐదు నిమిషాలే కదా అని వరండాకు పోదామని పిల్ల అడిగింది. వద్దన్నాను. అప్పగింతలు 3:50కి మొదలై, కారు 4:22కి గేటు దాటింది. పల్లె నుంచి రావాల్సిన చుట్టాల బస్సు హాలుకు వచ్చింది 12:20కి, వాళ్లను గ్రూపు ఫోటోల్లో చివరికి జరిపి తీశాం.

జంట ఫోటోలకు పదహారు రోజుల పండుగ తర్వాత ఒక తేదీ చూడమని పిల్లకు మెసేజ్ పెట్టాను. సోమవారం, శుక్రవారం కాకుండా, పొద్దున ఏడింటిలోపు గుడికి చేరేలా అని రాశాను.